ఫీడు, ముక్కు, ముప్పై రెండు

సింగపూర్ వచ్చిన కొత్తలో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, కంచంలో పప్పు పడేలోపే ఒక ప్రశ్న వచ్చేది. "మీరే టెక్నాలజీ అండీ?"

అందులో వాళ్ళ తప్పేమీ లేదు. రెండువేల సంవత్సరం దగ్గరపడుతున్న ఆ రోజుల్లో మనవాళ్ళు దాదాపు అందరూ కంప్యూటర్లలో తేదీలు దిద్దడానికో, బ్యాంకులకు ప్రోగ్రాములు రాయడానికో వచ్చినవాళ్ళే. మా ఆయనా అంతే. నేను మాత్రం మెకానికల్ డిప్లొమా చేసి, విజయవాడ ఆటోనగర్‌లో మూడేళ్ళు లేత్ షాపులో, ఇనపకడ్డీలను తిప్పుతూ కోసే టర్నింగ్ పని చేసిన మనిషిని.

"టర్నింగ్ అండీ" అనేదాన్ని.

టోవా పాయోలో ఒకాయన తింటున్నవాడల్లా ఆగిపోయాడు. "కొత్తగా వచ్చిందా? దేని మీద నడుస్తుంది?"

"త్రీ ఫేజ్ కరెంటు మీద."

ఆయన తమ్ముడు ఊళ్ళో ఖాళీగా ఉన్నాడట. ఆ కోర్సు ఎక్కడ చెబుతారో కనుక్కోమని వెళ్ళేటప్పుడు మా ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి మరీ అడిగాడు. ట్రైన్‌లో ఇంటికి వచ్చేదాకా మా ఆయన నాతో మాట్లాడలేదు. నవ్వు ఆపుకోవడానికే ఆ తంటాలని తర్వాత తెలిసింది.

నాకు ఉద్యోగం యీషున్‌లో దొరికింది. పెద్ద ఫ్యాక్టరీ భవనంలో రెండో అంతస్తులో చిన్న షాపు. ఓడల రిపేరుకు కావలసిన పంపుల షాఫ్టులు, స్లీవులు చేసేవాళ్ళు. డ్రాయింగ్ చూసి, లోహాన్ని కోసే చిన్న బిళ్ళల్లో, అంటే ఇన్సర్టుల్లో, ఏ పనికి ఏది వాడాలో, ఎంత ఫీడ్ పెట్టాలో షీటు మీద రాసి మెషిన్ల దగ్గరికి పంపడం, తయారైనదాన్ని కొలవడం నా పని. యజమాని ఒక చైనీస్ ఆవిడ. నాజూగ్గా ఉంటుంది, గొంతు మాత్రం మూడు లేత్‌ల మోతను దాటి వినపడుతుంది.

మొదటి రోజే ఆవిడ నన్ను మూలనున్న పాత లేత్ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ యాభై ఏడేళ్ళాయన ఒకరు, తెల్ల బనీను మీద నీలం ఏప్రను కట్టుకుని నిలబడి ఉన్నారు. పదహారో ఏట సెంబవాంగ్ నేవీ బేసులో తెల్లదొరల దగ్గర అప్రెంటిసుగా చేరి, వాళ్ళు వెళ్ళిపోయాక కూడా లేత్‌ను వదలని మనిషి.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "తెలుగమ్మాయేనా?" అన్నారు.

నేను నోరు తెరిచాను. వాళ్ళ తాత విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చినవాడట. ఇంట్లో తెలుగు బతికే ఉంది, కాకపోతే దానికి తోడు తమిళం, మలయ్ కూడా అదే ఇంట్లో కాపురం పెట్టాయి.

"నన్ను అంకుల్ అనమ్మా. ఈడ అందరూ అంతే. మక్కాన్ అయ్యిందా?"

మక్కాన్ అంటే భోజనమని అప్పటికి నాకు తెలియదు. 'మకాం' అనుకుని, అయ్యిందండీ, యీషున్‌లోనే అద్దెకు దిగామని చెప్పాను. ఆయన ఆ మాట షాపంతా తిరిగి చెప్పి వచ్చారు.

మా గొడవ రెండో వారంలో మొదలైంది. ఒక షాఫ్టు మీద గరుకు 1.6 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఒకటిన్నర పైచిలుకు, దాటకూడదని డ్రాయింగ్‌లో ఉంది. మా లోకంలో ఆ అంకెను ఆర్.ఏ. అంటారు. పైకి నున్నగా కనిపించే లోహం మీద కూడా గుట్టలు, పల్లాలు ఉంటాయి. వాటి సగటే ఆ అంకె. నేను షీటు మీద 0.8 ముక్కున్న, అంటే కొన గుండ్రం 0.8 మిల్లీమీటర్ల రేడియస్ ఉన్న ఇన్సర్ట్, ఫీడ్ 0.15 అని రాశాను. అంటే షాఫ్టు ఒక్క చుట్టు తిరిగేలోపు పనిముట్టు 0.15 మిల్లీమీటర్లు జరుగుతుందన్నమాట.

అంకుల్ షీటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఏటిది? ఫినిషింగుకి నేనెప్పుడూ పాయింట్ జీరో ఎయిటే. ముప్పై తొమ్మిదేళ్ళ నించీ అంతే."

"0.15 పెట్టినా వస్తుందండీ. సగం టైములో అయిపోతుంది."

"వస్తుందని ఎవులు సెప్పేరు?"

"లెక్క."

ఆ మాటతో ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "సెప్పు మరి. ఇంటాను."

నాకు బల్ల మీద టిఫిన్ డబ్బాలో ఉన్న చపాతీ పిండి గుర్తొచ్చింది. పొద్దున కంగారులో పిండి డబ్బానే కూర డబ్బా అనుకుని తెచ్చేశాను. దాన్ని బల్ల మీద పరిచి, గుండ్రటి స్పూను వెనకభాగంతో వరసగా నొక్కాను. ప్రతి రెండు నొక్కుల మధ్యా ఒక చిన్న గట్టు మిగిలింది.

"ఇన్సర్ట్ ముక్కు గుండ్రంగా ఉంటుంది కదండీ, అదీ ఇలాగే నొక్కుకుంటూ పోతుంది. రెండు నొక్కుల మధ్య దూరమే మన ఫీడ్. దగ్గర దగ్గరగా నొక్కితే గట్టు చిన్నదవుతుంది. దూరం సగం చేస్తే గట్టు సగమవదు, నాలుగో వంతే మిగులుతుంది. అదే స్పూను బదులు గరిటె వాడితే, అంటే ముక్కు రేడియస్ రెట్టింపు చేస్తే, గట్టు సగమవుతుంది. ఫీడ్‌ని ఫీడ్‌తోనే గుణించి, రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగిస్తే గట్టు ఎత్తు వస్తుంది. ఆర్.ఏ. అంటే సగటు కదా, అది ఇంచుమించు అందులో నాలుగో వంతు. అందుకని ఎనిమిది పోయి ముప్పై రెండు."

కాగితం మీద వేసి చూపించాను. ఫీడ్ 0.15, ముక్కు 0.8 అయితే 0.88 మైక్రాన్లు. మెషిన్ అదురు, అంచు అరుగుదల కలిసినా 1.6 లోపే ఉంటుంది.

ఆయన పిండి మీది గట్టును వేలితో తడిమి చూశారు. "సరి లా. పందెం." మాట చివర 'లా' తగిలించడం సింగపూర్ అలవాటు.

పందెం షరతులు ఆయనే పెట్టారు. కోసేముందే నేను ఎంత వస్తుందో కాగితం మీద రాసి మడిచి ఇవ్వాలి. కొలిచాక అది పదిశాతం లోపు తేడాతో సరిపోతే గెలుపు నాది. ఓడినవాళ్ళు కింద క్యాంటీన్ నుంచి వారం రోజులు రెండో వాళ్ళకు కాఫీ తేవాలి, తెచ్చి అందరి ముందూ "గురువుగారూ" అని పిలవాలి.

లెక్క 0.88 అన్నా, పాత మెషిన్ కదా అని నేను 1.0 అని రాసి ఇచ్చాను. ఆయన స్టీలు కడ్డీ బిగించి, 0.15 గేరు వేసి కోశారు. గరుకు కొలిచే యంత్రంలో సూది లోహం మీద మెల్లగా నడిచింది. 1.02.

అంకుల్ కాగితం విప్పి చూసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నారు. మర్నాడు పదింటికి ప్లాస్టిక్ సంచిలో వేడి కాఫీ వేలాడుతూ వచ్చింది. సంచి వెనకాల ఆయన. "గురువుగారూ!" షాపంతా మెషిన్లు ఆపుకుని మరీ చూశారు. ఆ వారం నాకు కాఫీ ఎంత బాగుందో చెప్పలేను.

వారం పూర్తయిన రోజున ఆయన అమాయకంగా అడిగారు. "ఫీడు 0.2 పెడితే ఎంతొస్తాది నీ లెక్కకి?"

"0.8 ముక్కుతో 1.56."

"నేను ఒకటి లోపు తెస్తే?"

నాకు నవ్వొచ్చింది. గుండ్రటి ముక్కుతో కోసినప్పుడు ఆ అంకే అట్టడుగు. మెషిన్ దాన్ని పెంచగలదే గానీ తగ్గించలేదు. ఆ మాటే గట్టిగా చెప్పాను. గురువుగారినయ్యాక గొంతు కాస్త పెరిగింది లెండి.

"నీ పెట్టెలోంచే ఇన్సర్ట్ ఇయ్యి. గేరు నువ్వే ఎయ్యి. మక్కాన్ అయినాక కోస్తాను."

పెట్టెలోంచి కొత్త 0.8 ఇన్సర్ట్ తీసి ఇచ్చాను. గేరు 0.2కి నేనే వేశాను. భోజనానికి వెళ్ళి వచ్చేసరికి ఆయన కడ్డీ బిగించి, టూలు బిగించి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. కోశారు. సూది నడిచింది.

0.7.

మళ్ళీ కొలిచాను. 0.71. యంత్రం తప్పేమోనని దానితోపాటు వచ్చిన నమూనా పలకను కొలిస్తే, దాని మీద చెక్కిన అంకే వచ్చింది. గేరు కదిలించారేమోనని భూతద్దంతో గీతలు లెక్కపెట్టాను. మిల్లీమీటరుకి సరిగ్గా ఐదు గీతలు. ఫీడ్ 0.2నే. అంకుల్ అప్పటికే ఇన్సర్ట్ విప్పి ఏప్రను జేబులో వేసుకుని ఈలవేస్తున్నారు.

ఆ వారం కాఫీ మోసింది నేను. కిందికి దిగి, లైన్లో నిలబడి, సంచి పట్టుకుని పైకి వచ్చి "గురువుగారూ" అనాలి. రెండో రోజున ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని, "ఏటీ? మెషిన్ మోతలో ఇనపళ్ళేదమ్మా" అన్నారు. రెండుసార్లు అరిపించారు. చైనీస్ మేడమ్ కూడా ఆ మాట నేర్చేసుకుని, ఆయన కనిపించినప్పుడల్లా "గుల్వగాలూ" అనడం మొదలుపెట్టింది.

ఇంట్లో అన్నం తింటూ లెక్క తిరగేసి వేశాను. ఫీడ్ 0.2తో 0.7 రావాలంటే ముక్కు ఎంత ఉండాలి? ఇంచుమించు 1.8 రావాలి. మా షాపులో అన్నిటికంటే పెద్ద ముక్కు 1.2. దానితో కోసినా 1.04 కంటే తగ్గదు.

"ఏదో బగ్ ఉండుంటుంది" అన్నారు మా ఆయన.

"లెక్కలో లేదు."

"అయితే యూజర్‌లో ఉంది."

ఆయనకు అది జోకే, నాకు మాత్రం దారి దొరికింది. లెక్క ముక్కు గుండ్రమని నమ్ముతుంది. ముక్కు గుండ్రంగా లేకపోతే?

మర్నాడు ఆ కడ్డీని మళ్ళీ కొలిచి, ఈసారి అంకె కాకుండా యంత్రం గీసే బొమ్మను కాగితం చుట్ట మీద తీశాను. నా మొదటి పందెం కడ్డీ బొమ్మలో వరసగా గుండ్రటి దోసిళ్ళున్నాయి, ప్రతి రెండు దోసిళ్ళ మధ్యా పదునైన గట్టుంది. అంకుల్ కడ్డీ బొమ్మలో దోసిళ్ళు లేవు. పళ్ళాలున్నాయి. ప్రతి పళ్ళెంలోనూ దాదాపు సగం దూరం అడుగు చదునుగా ఉంది, గట్టు పొట్టిగా మిగిలింది. స్పూను వెనకభాగంతో కాకుండా, అడుగు చదునైన గిన్నెతో నొక్కినట్టు.

కాగితం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. "ముక్కు కొన అరగదీశారు."

అంకుల్ బొమ్మలోని పళ్ళాలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు. తర్వాత నవ్వుతూ డ్రాయరు లాగి, గుడ్డలో చుట్టిన ఒక రాయి తీశారు. అగ్గిపుల్లంత సన్నగా ఉంది, వజ్రపు పొడి పట్టించింది. జేబులోంచి ఇన్సర్ట్ తీసి భూతద్దం నాకే ఇచ్చారు. ముక్కు చివర, కడ్డీకి సమాంతరంగా, వెంట్రుకమందం చదును. అంత చదునును చేత్తో, కంటి అంచనాతో, టూలు బిగించాక దిద్దారంటే నమ్మబుద్ధి కాలేదు. కొంచెం వంకర పడితే ఆ చదును గట్లను నునుపు చెయ్యదు, గీరుతుంది.

"ఇది మోసం అంకుల్."

"ముక్కు 0.8 అన్నావు. ఒళ్ళంతా గుండ్రంగుండాలని అన్నావా?"

అనలేదు. అదే నా బాధ.

"బేసులో ముసలి దొరొకడు నేర్పేడమ్మా. రెండేళ్ళు ఆడి కాఫీ మోసేక నేర్పేడు. నువ్వు నాలుగు రోజుల్లో పట్టేసేవు." ఆయన మొహంలో కొంచెం కోపం, చాలా సంతోషం కనపడ్డాయి. నాకైతే సంతోషమేమీ లేదు. ఇంకా మూడు రోజుల కాఫీ మిగిలి ఉంది.

ఆ మూడు రోజులూ మోస్తూ ఆలోచించాను. చదునైన ముక్కుకు ఒక చిక్కుంది. కడ్డీని అది ఎక్కువ వెడల్పున తాకుతుంది కాబట్టి పక్కకు గట్టిగా నెడుతుంది. లావు కడ్డీకి ఆ నెట్టుడు లెక్కలోకి రాదు. సన్నకడ్డీ అయితే?

"మూడో పందెం. ఫీడ్, ఇన్సర్ట్ ఎవరిష్టం వాళ్ళది. కడ్డీ మాత్రం నేనిస్తాను" అన్నాను. "ఒకటి లోపు రావాలి."

"బోలే!" అన్నారు. సరేనని మలయ్‌లో.

నేను ఇచ్చింది బొటనవేలికంటే సన్నం, పదహారు మిల్లీమీటర్ల కడ్డీ. కడ్డీని పట్టి తిప్పే చక్ నుంచి తొంభై మిల్లీమీటర్లు బయటికి ఉంచి, రెండో చివర ఏ ఆధారమూ పెట్టకూడదన్నాను. అంకుల్ కడ్డీని చూశారు, నన్ను చూశారు. పరువు అడ్డమొచ్చి కడ్డీ బిగించేశారు. తన చదును ముక్కుతో, 0.2 ఫీడ్‌తో మొదలుపెట్టారు.

కడ్డీ కూత పెట్టింది. కుక్క తోక మీద కాలేస్తే ఎలా ఉంటుందో అలా. చైనీస్ మేడమ్ ఆఫీసు తలుపు తీసుకుని బయటికి వచ్చింది. లోహం మీద చేప పొలుసుల్లా అదురు గుర్తులు పడ్డాయి. నాలుగు పైన వచ్చింది ఆర్.ఏ. ఆయన వేగం మార్చి మరోసారి ప్రయత్నించారు. కూత స్వరం మారింది, అంతే.

నేను 0.4 ముక్కు తీశాను. లెక్క ప్రకారం చిన్నముక్కు గరుకు పెంచుతుంది, కానీ కడ్డీని తక్కువ నెడుతుంది. ఆ పెంపును సర్దడానికి ఫీడ్ 0.1కి దించాను. లెక్క 0.78 అంది. అంకుల్ లేత్ మీదే, అంకుల్ చేతే కోయించాను. చప్పుడు లేదు. 0.95.

ఆయన కడ్డీని వెలుతురుకు తిప్పి తిప్పి చూసి పగలబడి నవ్వారు. "సుసా అమ్మాయివి లా నువ్వు!" సుసా అంటే కష్టం, చిక్కు. ఆ తర్వాత షాపులో నా పేరదే అయింది.

మా ఆటలు ఇలా సాగుతుండగా సెంబవాంగ్ నుంచి ఒక అర్జెంటు పని వచ్చింది. ఓడ రేవులో ఆగి ఉంది, నలభై పంపు స్లీవులు మర్నాడు సాయంత్రానికి కావాలి. గరుకు 0.8 దాటకూడదు. నా లెక్క ప్రకారం 0.8 ముక్కుతో ఫీడ్ 0.14 దాకా వెళ్ళొచ్చు, కానీ అది అట్టడుగు లెక్క. అదురుకు చోటు వదలాలంటే 0.12. అలా అయితే నలభై కావు. స్లీవులు మాత్రం పొట్టిగా, లావుగా ఉన్నాయి.

నేను అంకుల్ వైపు చూశాను. ఆయన అప్పటికే రాయి తీస్తున్నారు.

ఆయన ముక్కులు దిద్దారు, నేను ప్రతి స్లీవునూ కొలిచాను. ఫీడ్ 0.2. అంకె 0.65కీ 0.75కీ మధ్యే తిరిగింది. చదును అరిగి 0.78 కనపడగానే నేను అరుస్తాను, ఆయన కొత్తది బిగిస్తారు. మర్నాడు మూడింటికే నలభై పూర్తయ్యాయి.

చిక్కు కాగితాల దగ్గర వచ్చింది. కస్టమరుకు పంపే షీటులో ముక్కు రేడియస్ అని ఒక గడి ఉంటుంది. 0.8 అని రాస్తే, దాని పక్కనే ఫీడ్ 0.2, ఆర్.ఏ. 0.7 చూసి లెక్క తెలిసిన ఎవడైనా మా కొలతే దొంగదంటాడు. నిజం రాయడానికి గడి చాలదు. అల్లరి మనసు పైకొచ్చింది. 1.8 అని రాసి పంపేశాను.

రెండు రోజులకు కస్టమరు ఇంజనీరు స్వయంగా వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకున్న చైనీస్ కుర్ర ఇంజనీరు, చంకలో మూడు క్యాటలాగులు. ఏ పుస్తకంలోనూ 1.8 ముక్కు లేదు, ఎక్కడ కొన్నారో చెప్పమని చాలా మర్యాదగా అడిగాడు. చైనీస్ మేడమ్ నా వైపు చూసింది. నేను అంకుల్ వైపు చూశాను. అంకుల్ పైకప్పు వైపు చూశారు.

చెప్పక తప్పలేదు. మొత్తం చెప్పాను, పిండితో సహా. మేడమ్ మొహం ఎర్రబడింది. "కాగితం మీద ఆటలా? నెక్స్ట్ టైమ్ నీతో పోర్టు దాకా మోయిస్తాను లా, నలభై స్లీవులూ!" అంది. నేను తలవంచుకుని సారీ చెప్పాను. సరైన షీటు అప్పుడే కూర్చుని రాశాను. ముక్కు 0.8, రిమార్కులో చేత్తో దిద్దిన చదును, దాని వెడల్పు ఎంతో. అది తిట్టు తినాల్సిన పనే. కొలతలు నిజమైనప్పుడు గడిలో అబద్ధం రాయడమెందుకు?

ఆ ఇంజనీరు మాత్రం తిట్లేవీ వినలేదు. అంకుల్ పక్కన స్టూలేసుకుని, ఆ రాయి ఇవ్వమని బతిమాలుతున్నాడు. అంకుల్ పాత ఇన్సర్టులు మూడు ఇచ్చారు. అతను మూడూ పాడుచేశాడు. ఇంకోటి ఇచ్చి, అతను అదీ పాడుచెయ్యబోతుంటే అంకుల్ మణికట్టు పట్టుకుని ఆపి, "స్లో, స్లో. యూ నాట్ షార్పెనింగ్ పెన్సిల్" అన్నారు. అతను వెళ్ళేటప్పుడు రెండు చేతులూ జోడించి ఏదో అనబోయి, మా అందరి దగ్గరా విన్న 'గురువుగారూ' అనే మాటే అన్నాడు. దాంతో మేడమ్ కూడా నవ్వేసింది.

ఏడాది తిరక్కుండానే ఒక టూల్ కంపెనీ సేల్స్‌మన్ మెరిసే పెట్టెతో వచ్చాడు. ఫీడ్ రెట్టింపు చేసినా అదే నునుపు వచ్చే కొత్తరకం ఇన్సర్టట. భూతద్దంలో చూస్తే ముక్కు పక్కన ఫ్యాక్టరీలోనే దిద్దిన సన్నని చదును. పెట్టెలో పదీ ఒక్కలాగే ఉన్నాయి. నాకు అంకుల్ మొహం చూడ్డానికి ధైర్యం చాలలేదు.

ఆయన ఒకటి తీసి తన లేత్‌కు బిగించి, 0.2తో కోసి, కడ్డీని నాకు అందించారు. 0.6. ఆయన దిద్దినదానికంటే కొంచెం మేలు. ఆయన ఇన్సర్ట్ విప్పి, గోటి మీద పెట్టుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పారు.

"ఎవుడో గాని, ఓపికున్నోడే" అన్నారు.

తర్వాత సేల్స్‌మన్ వైపు తిరిగి, ఇది సన్నకడ్డీ మీద కూత పెడుతుందా అని ఇంగ్లీషులో అడిగారు. నెవర్, అన్నాడతను. అంకుల్ నా వైపు చూసి కన్ను గీటారు. నేను పదహారు మిల్లీమీటర్ల కడ్డీ వెతకడానికి లేచాను.